కళా ఉద్యమాల టైమ్‌లైన్: తరగతి గోడకు ఏ పద్ధతి ఎంచుకోవాలి?

తరగతి గోడల మీద కళా ఉద్యమాల టైమ్‌లైన్ ఎక్కువగా ఒకే తీరులో ఉంటుంది. ఎడమ చివర రియలిజం, దాని పక్కన ఇంప్రెషనిజం, తర్వాత పోస్ట్ ఇంప్రెషనిజం, ఫావిజం, క్యూబిజం. ఒక్కో పేరు కింద ఒక సంవత్సరం, ఒక బొమ్మ. దాన్ని చూసిన పిల్లలకు అర్థమయ్యేది ఏమిటంటే, ఒకటి అయిపోయాక ఇంకొకటి మొదలైందని. 1886లో పారిస్‌లో ఉన్న ఒక చిత్రకారుణ్ణి తెచ్చి ఈ గోడ ముందు నిలబెడితే, ఇది తన ఊరి సంగతేనని గుర్తుపట్టలేడు. అతను చూసిన ఊళ్లో పాతవాళ్లు, కొత్తవాళ్లు, వాళ్లతో పడనివాళ్లు అందరూ ఒకే ఏడాది బొమ్మలు వేస్తున్నారు, ఒకరి మీద ఒకరు పత్రికల్లో రాసుకుంటున్నారు.

ఆ కలగాపులగాన్ని గోడ మీద చూపించడానికి నాలుగు పద్ధతులున్నాయి. వాటిని పోల్చడానికి 1860 నుంచి 1930 దాకా, ముఖ్యంగా పారిస్‌ను తీసుకుంటున్నాను. ఉద్యమాలు ఒకదాని మీద ఒకటి పడటం, వాటి మధ్య గొడవలు, రెండూ ఇంత చిన్న వ్యవధిలో ఇంత స్పష్టంగా కనిపించే కాలం ఇదే.

మొదటే ఒక మాట. ఒకే సమయంలో ఉండటం వేరు, పోటీ పడటం వేరు. మొదటిదాన్ని చూపించడానికి గోడ మీద పొడవు కావాలి, అంటే ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్నది కనిపించాలి. రెండోదానికి ఒక చోటు, ఒక తేదీ కావాలి. గొడవ ఎప్పుడూ ఏదో ఒక ప్రదర్శనశాలలోనో, ఒక జ్యూరీ ముందో, ఒక పత్రికలోనో జరుగుతుంది. ఈ తేడా పట్టుకుంటే ఏ పద్ధతి దేనికి పనికొస్తుందో తేల్చుకోవడం తేలిక.

కార్డుల వరుస

ఒక దారం కట్టి, దానికి కార్డులు తగిలించడం. ఒక పూటలో అయిపోతుంది, తర్వాత మార్చుకోవడమూ సులువే. కానీ కార్డు అంటే ఒక బిందువు. ఇంప్రెషనిజం కార్డును 1874 దగ్గర పెడితే 1880లో ఏం జరిగిందో గోడ చెప్పదు. మోనే 1926లో చనిపోయేదాకా తామరకొలను బొమ్మలు వేస్తూనే ఉన్నాడన్నది అసలే చెప్పదు. పైగా పక్కపక్కన ఉన్న రెండు కార్డులను మన కళ్లు కారణం, ఫలితం అన్నట్టు చదువుతాయి. మన అంశానికి ఈ పద్ధతి పనికిరాదు. కార్డులు ముందే తయారై ఉంటే పారేయక్కర్లేదు, కింద చెప్పే పట్టీల మీద బొమ్మలుగా వాడుకోవచ్చు.

బాణాల పటం

దీనికి బాగా పేరున్న నమూనా ఆల్‌ఫ్రెడ్ బార్ 1936లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ప్రదర్శన కోసం గీసిన పటం. 1890 నుంచి 1935 దాకా పైనుంచి కిందికి సంవత్సరాలు, మధ్యలో ఉద్యమాల పేర్లు, వాటిని కలుపుతూ బాణాలు, చివరికి అన్నీ వచ్చి నైరూప్య కళలో కలుస్తాయి. చూడ్డానికి చాలా బాగుంటుంది. ఎవరి ప్రభావం ఎవరి మీద పడిందో ఒక్క చూపులో తెలుస్తుంది.

కానీ బాణానికి ఒకే భాష వచ్చు: దీని నుంచి అది పుట్టింది. 'దీన్ని వాళ్లు బయటికి పంపారు', 'ఇది చూసి వాళ్లు ముఖం తిప్పుకున్నారు' అని బాణం చెప్పలేదు. వంశవృక్షంలో అన్నదమ్ముల తగాదాలు కనబడనట్టే ఇక్కడా కనబడవు. ఇంకో ఇబ్బంది, నైరూప్య కళ వైపు నడవని వాళ్లందరూ పటంలోంచి జారిపోతారు. పెద్ద క్లాసులకు బార్ పటం కాపీ ఒకటి పక్కన అంటించి, మన గోడతో పోల్చి ఏమేం వదిలేశాడో వెతకమనడం మంచి అభ్యాసం. గోడకు అసలు నిర్మాణంగా మాత్రం దాన్ని ఎంచుకోవద్దు.

పొడవు పట్టీలు

ఒక్కో ఉద్యమానికి ఒక్కో రంగు కాగితం పట్టీ, అది మొదలైన ఏడాది నుంచి ముగిసిన ఏడాది దాకా అడ్డంగా. ఏడాదికి 5 సెంటీమీటర్లు అనుకుంటే 70 ఏళ్లకు మూడున్నర మీటర్లు వస్తుంది, చాలా తరగతి గోడలకు సరిపోతుంది. ఇంతకన్నా తగ్గిస్తే 1905 నుంచి 1914 మధ్య రాసుకోవడానికి చోటు మిగలదు. పట్టీ వెడల్పు 6 నుంచి 8 సెంటీమీటర్లుంటే వెనక బెంచీ నుంచి కూడా పేరు కనిపిస్తుంది.

ఒకే కాలంలో ఉండటాన్ని చూపించడానికి పట్టీలను మించింది లేదు. పొడవాటి స్కేలును నిలువుగా ఒక ఏడాది మీద పెడితే, ఆ ఏడాది ఏయే ఉద్యమాలు బతికి ఉన్నాయో అన్నీ దాని కింద దొరుకుతాయి. చిక్కంతా పట్టీ రెండు చివరల దగ్గరే. ఉద్యమం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది అన్నది పుస్తకానికో రకంగా ఉంటుంది. అందుకే ముందే ఒక నియమం పెట్టుకోవాలి. నా సలహా ఏమిటంటే, వాళ్లు గుంపుగా కలిసి ప్రదర్శించిన కాలానికి ముదురు రంగు, తర్వాత ఎవరికి వాళ్లు అదే దారిలో పని చేసిన కాలానికి అదే రంగులో లేత కాగితం. అలా చేస్తే ఇంప్రెషనిజం 1874 నుంచి 1886 దాకా ముదురుగా, అక్కడి నుంచి 1926 దాకా లేతగా ఉంటుంది. ఆ లేత పట్టీ కిందే ఫావిజం, క్యూబిజం, ఫ్యూచరిజం అన్నీ పుట్టడం కనిపించగానే పిల్లలకు సగం విషయం అర్థమైపోతుంది.

పట్టీలతో వచ్చే రెండో సమస్య ఇంతకన్నా లోతైనది. పక్కపక్కన పరిచిన పట్టీలు ఎంతో సఖ్యంగా ఉన్నట్టు కనిపిస్తాయి. 1863లో అధికారిక ప్రదర్శన అయిన సలోన్ జ్యూరీ మానే బొమ్మను తిప్పి కొట్టింది. అదే సలోన్‌లో కబనెల్ వేసిన వీనస్ బొమ్మను మూడో నెపోలియన్ చక్రవర్తి స్వయంగా కొన్నాడు. తిరస్కరించిన బొమ్మలకు వేరే ప్రదర్శన పెట్టాల్సి వచ్చింది, మానే బొమ్మను జనం చూసింది అక్కడే. రెండు పట్టీలు పక్కపక్కన ఉంటే ఇదేమీ తెలియదు. దీనికి నాలుగో పద్ధతి కావాలి.

ప్రదర్శనల నిలువు కాలమ్‌లు

ఇందులో ఉద్యమాలను పక్కనపెట్టి, ఒక ప్రదర్శనను తీసుకుంటాం. ఎక్కడ జరిగింది, ఎవరి బొమ్మలు వేలాడాయి, ఎవరు రాలేదు, ఎవర్ని రానివ్వలేదు, ఎవరు ఏం రాశారు. ఇవన్నీ ఒక నిలువు కాగితం మీద, ఆ ఏడాది దగ్గర. పోటీని చూపించడానికి ఇదే సరైన పద్ధతి. దీనితో వచ్చే ఇబ్బంది ఏమిటంటే, ఒక్కో కాలమ్‌కు బాగా చదవాలి, రెండు ప్రదర్శనల మధ్య ఖాళీలో ఏం జరిగిందో తెలియదు.

అందుకే నా ఎంపిక ఇది: పునాదిగా పట్టీలు, వాటిని నిలువుగా కోస్తూ మూడు నాలుగు ప్రదర్శనల కాలమ్‌లు, వాటి గుండా ఒకరిద్దరు చిత్రకారుల దారాలు. కాలమ్‌లు ఎక్కువైతే గోడ చదవలేనట్టు తయారవుతుంది. 1863, 1886, 1905, 1912 చాలు. వీటిలో 1886, 1912 ఎలా తయారవుతాయో వివరంగా చెబుతాను, మిగతావి అదే తీరులో చేసుకోవచ్చు.

1886 కాలమ్

ఇంప్రెషనిస్టుల ఎనిమిదో ప్రదర్శన, అదే ఆఖరిది, మే 15 నుంచి జూన్ 15 దాకా పారిస్‌లోని లఫిత్ వీధిలో జరిగింది. కాలమ్ పై భాగంలో 'ఉన్నవాళ్లు' అని రాసి దెగా, బెర్త్ మొరిసో, మేరీ కసాట్, గొగాన్, రెడాన్, పిసారో, సరా, సిన్యాక్ పేర్లు వేయండి. కింద 'లేనివాళ్లు' అని మోనే, రెన్వా, సిస్లే. అప్పుడు పిల్లలు తప్పకుండా అడుగుతారు, ఇంప్రెషనిస్టుల ప్రదర్శనలో మోనే లేకపోవడమేమిటని. ఆ ప్రశ్న కోసమే ఈ కాలమ్. అదే వేసవిలో మోనే, రెన్వా తమ బొమ్మల్ని జార్జ్ పెటీ గ్యాలరీలో పెట్టారు. లఫిత్ వీధిలో సరా వేసిన 'గ్రాంద్ జాత్' బొమ్మ, చుక్కల పద్ధతిలో వేసిన మిగతా బొమ్మలు ఒక గదిలో విడిగా ఉన్నాయి. అంటే ఇంప్రెషనిజం ముదురు పట్టీ ఆగిపోయే చోటా, నియో ఇంప్రెషనిజం పట్టీ మొదలయ్యే చోటా ఒకే ఇల్లు.

అదే సంవత్సరం సెప్టెంబరు 18న కవి జాన్ మొరేయస్ సింబాలిజం మేనిఫెస్టో 'ఫిగారో' పత్రికలో వచ్చింది. దాన్ని కూడా ఇదే ఏడాది దగ్గర చిన్న కాగితంగా అంటించండి. సలోన్ జ్యూరీలు మెచ్చే అకడమిక్ చిత్రకళ పట్టీ ఈ కాలమ్ కింద నుంచి ఏ మార్పూ లేకుండా సాగిపోతూ ఉండాలి. చాలా టైమ్‌లైన్లలో ఇంప్రెషనిజం రాగానే ఈ పట్టీ మాయమవుతుంది. నిజానికి ఆ పద్ధతి చిత్రకారుల్లో జెరోమ్ 1904 దాకా, బుగరో 1905 దాకా బతికే ఉన్నారు, పేరు ప్రతిష్ఠలతోనే ఉన్నారు. 1890లో సలోన్ వర్గమే రెండుగా చీలి, విడిపోయిన వాళ్లు పోటీ ప్రదర్శన పెట్టారు. ఆ ఏడాది దగ్గర ఆ పట్టీని కత్తెరతో చీల్చి రెండు పాయలు చేయండి. పాతవాళ్లంతా ఒకటిగా ఉన్నారన్న అపోహ పోతుంది.

ఇక్కడే పిసారో దారం కట్టాలి. ఇంప్రెషనిస్టుల ఎనిమిది ప్రదర్శనల్లోనూ పాల్గొన్నది ఆయనొక్కడే. 1886లో యాభై దాటిన వయసులో సరా చుక్కల పద్ధతికి మారాడు, కొన్నేళ్లకు దాన్ని వదిలేశాడు. దారం ఇంప్రెషనిజం పట్టీ మీద 1874లో మొదలై, 1886లో కిందికి దిగి చుక్కల పట్టీ మీద కొంతదూరం నడిచి, 1890 చుట్టుపక్కల మళ్లీ పైకెక్కి 1903 దగ్గర ఆగుతుంది. మనుషులు ఉద్యమాల మధ్య తిరుగుతూ ఉంటారని చెప్పడానికి ఈ ఒక్క దారం చాలు. ప్రతి చిత్రకారుడికీ దారం కట్టాలనిపిస్తుంది కానీ, అయిదారు దాటాయంటే ఏదీ కంటికి ఆనదు.

పట్టీ దక్కకూడని పేరు

పోస్ట్ ఇంప్రెషనిజం దగ్గర చాలామంది పొరబడతారు. 1886 నుంచి 1905 దాకా ఒక పట్టీ వేసేస్తారు. ఆ పేరు పుట్టింది 1910లో, లండన్‌లో రోజర్ ఫ్రై పెట్టిన ప్రదర్శనకు. అప్పటికి వాన్ గో చనిపోయి ఇరవై ఏళ్లు. సరా 1891లో, గొగాన్ 1903లో, సెజాన్ 1906లో పోయారు. వాళ్లెవరికీ తాము ఆ ఉద్యమంలో ఉన్నామని తెలియదు, వాళ్లు కలిసి ఆ పేరుతో ప్రదర్శించిందీ లేదు. గోడ మీద అది పట్టీగా ఉండకూడదు. 1910 దగ్గర లండన్ అని రాసిన ఒక చీటీ పెట్టి, అక్కడి నుంచి వెనక్కి ఆ నలుగురి వైపు చుక్కల గీతలు గీయండి.

ఇదే తర్కం మిగతా పేర్లకూ వర్తిస్తుంది. ఇంప్రెషనిస్టులన్న మాటను 1874లో లూయీ లెరోయ్ ఎగతాళిగా రాశాడు. ఫావ్‌లు, అంటే క్రూర మృగాలు అన్న పేరు 1905లో విమర్శకుడు లూయీ వాక్సెల్ పెట్టాడు. 1908లో బ్రాక్ బొమ్మల్లో ఘనాలున్నాయని రాసిందీ ఆయనే. ఫ్యూచరిస్టులు మాత్రం తమ పేరు తామే ప్రకటించుకున్నారు, 1909 ఫిబ్రవరి 20న, అదీ పారిస్ పత్రిక మొదటి పేజీలో. పేరు పడిన తేదీకి ఒక చిన్న చీటీ, బయటివాళ్లు పెట్టిన పేరైతే ఒక రంగు, సొంతంగా పెట్టుకున్నదైతే ఇంకో రంగు. దీనికి శ్రమ తక్కువ, కానీ పోటీ గురించి చాలా చెబుతుంది.

1912 కాలమ్

ఇక అసలు గొడవ. క్యూబిజానికి ఒక పట్టీ వేస్తే చాలని మొదట అనిపిస్తుంది. చాలదు. 1909 తర్వాత పికాసో, బ్రాక్ ఇద్దరూ తమ బొమ్మల్ని ఎక్కువగా వ్యాపారి కాన్‌వైలర్ దగ్గరే చూపేవారు, పారిస్ పెద్ద ప్రదర్శనలకు పంపేవారు కాదు. 1911లో స్వతంత్ర చిత్రకారుల ప్రదర్శనలో 41వ గదిలో జనం చూసిన క్యూబిజం గ్లేజ్, మెట్జింజర్, లె ఫోకోనియే, లెజే, డెలోనేలది. ఆ గదిలో పికాసో లేడు, బ్రాక్ లేడు. కాబట్టి క్యూబిజం పట్టీని నిలువునా రెండుగా కాకుండా పొడవునా రెండు సన్నని పట్టీలుగా చీల్చండి. పైది గ్యాలరీ క్యూబిస్టులు, కిందిది ప్రదర్శనల క్యూబిస్టులు. ఆ రోజుల్లో మామూలు జనానికి క్యూబిజం అంటే ఎక్కువగా కిందిదే.

1912 ఫిబ్రవరిలో ఇటలీ ఫ్యూచరిస్టులు పారిస్‌లో బెర్న్‌హైమ్ జన్ గ్యాలరీలో ప్రదర్శన పెట్టారు. వాళ్ల క్యాటలాగులో క్యూబిస్టులను నేరుగా తప్పుపట్టారు: వాళ్లు ఇంకా కదలని వస్తువులనే గీస్తున్నారని, పాతకాలపు పుస్సిన్, ఆంగ్ర్‌ల సంప్రదాయాన్నే కొలుస్తున్నారని. కాలమ్‌లో మొదటి కాగితం ఇదే.

తర్వాతి నెలలో మార్సెల్ డ్యుషాన్ 'మెట్లు దిగుతున్న నగ్నమూర్తి' రెండో బొమ్మను స్వతంత్ర చిత్రకారుల ప్రదర్శనకు పంపాడు. ఈ సంఘం 1884లో పుట్టినప్పటి నుంచి దానికి జ్యూరీ లేదు, ఎవరు పంపినా వేలాడదీయాల్సిందే. అయినా బొమ్మ గోడకెక్కలేదు. క్యూబిస్టుల గదిలో బొమ్మలు పెట్టే వాళ్లలో ఉన్న గ్లేజ్‌కు అది నచ్చలేదు. ఒక మనిషి కదలికను వరుస ముక్కలుగా చూపిన బొమ్మ, పైగా దాని పేరు బొమ్మ మీదే రాసి ఉంది. ఫ్యూచరిస్టులతో మాటల యుద్ధం జరుగుతున్న వేళ అది వాళ్ల పక్షం బొమ్మలా కనిపించింది. కనీసం పేరైనా మార్చమని చెప్పడానికి డ్యుషాన్ సొంత అన్నలు జాక్ విలోన్, రేమండ్ డ్యుషాన్ విలోన్ వచ్చారు. అతను ఏమీ అనకుండా బొమ్మను టాక్సీలో ఇంటికి తీసుకెళ్లిపోయాడు.

ఇందులో పిల్లలకు చూపించాల్సింది ఏమిటంటే, ఈ తిరస్కారం శత్రువుల నుంచి రాలేదు. 1863లో తిరస్కరించింది అకాడమీ. 1912లో తిరస్కరించింది స్వయానా కొత్త దారి పట్టిన వాళ్లు, అదీ తిరస్కారాలు ఉండకూడదని పెట్టుకున్న చోట. అందుకే పోటీకి వాడే ఎర్ర దారం రెండు ఉద్యమాల మధ్యే కట్టాలని లేదు. ఇక్కడ అది ప్రదర్శనల క్యూబిస్టుల పట్టీ మీదే మొదలై అక్కడే ముగుస్తుంది. అదే సంవత్సరం అక్టోబరులో అదే క్యూబిస్టులు పెట్టిన 'సెక్షన్ దోర్' ప్రదర్శనలో ఈ బొమ్మ వేలాడింది. ఏడు నెలల దూరం, 5 సెంటీమీటర్ల లెక్కలో దాదాపు 3 సెంటీమీటర్లు. ఆ చిన్న దూరంలో వద్దన్నదీ వేయండి, ఒప్పుకున్నదీ వేయండి. ఎర్ర దారం ఒక్కటే కట్టి వదిలేస్తే జీవితకాలపు వైరం అనుకుంటారు.

బ్రాక్ దారం కూడా ఇక్కడికి వస్తుంది. ఆయన 1906, 1907ల్లో ఫావ్‌ల పద్ధతిలో వేశాడు. 1908లో కొత్త బొమ్మల్ని శరత్కాల సలోన్‌కు పంపితే జ్యూరీ తిప్పి పంపింది. ఆ జ్యూరీలో ఫావ్‌లలో అందరికన్నా పేరున్న మతీస్ ఉన్నాడు. దారం ఫావిజం పట్టీ నుంచి గ్యాలరీ క్యూబిస్టుల పట్టీకి దిగే చోట ఈ సంగతి రాసిన చీటీ పెడితే, ఎందుకు దిగిందో వేరే చెప్పక్కర్లేదు.

ఎర్ర దారం ఎప్పుడు కట్టాలి

గోడ పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. రెండు శైలులు భిన్నంగా ఉన్నాయి కాబట్టి పోటీ అని పిల్లలు దారం కట్టేస్తారు. దానికి ఒక షరతు పెట్టండి: ఎర్ర దారం కట్టాలంటే దాని మీద తేదీ, చోటు, ఎవరు ఏం చేశారు అన్న మూడు వివరాలున్న చీటీ వేలాడాలి. ఆ మూడూ దొరక్కపోతే దారం లేదు. ఈ షరతు పెడితే చాలా దారాలు ఊడిపోతాయి, అదే మంచిది. ఉదాహరణకు 1905లో ఫావ్‌లు పారిస్‌లో, బ్రూకే బృందం డ్రెస్డెన్‌లో, రెండూ ఒకే ఏడాది కనిపిస్తాయి. రంగులు రెండింట్లోనూ గాఢంగానే ఉంటాయి. కానీ అక్కడ పెట్టాల్సింది పోటీ దారం కాదు, ఒకే నిలువు గీత.

డ్రెస్డెన్ మాట వచ్చింది కాబట్టి, పట్టీలను ఉద్యమాల వరుసలో పేర్చాలా, ఊళ్ల వరుసలో పేర్చాలా అన్నది తేల్చుకోవాలి. నేను ఊళ్ల వైపే. గోడను అడ్డంగా మూడు భాగాలు చేసి మధ్యలో పారిస్‌కు వెడల్పుగా, పైన జర్మనీకి, కింద ఫ్యూచరిస్టుల ఊరైన మిలాన్‌కు సన్నగా ఇవ్వండి. అప్పుడు 1909 మేనిఫెస్టో మిలాన్ పట్టీది అయినా పారిస్ భాగంలో అచ్చయినట్టు కనిపిస్తుంది. 1911 డిసెంబరులో మ్యూనిక్‌లో బ్లూ రైడర్ బృందం మొదటి ప్రదర్శనలో, 41వ గదిలో ఉన్న డెలోనే బొమ్మలు కూడా ఉండటం తేలిగ్గా అందుతుంది. పై నుంచి కిందికి పేర్చిన వరుస ప్రాముఖ్యాన్ని సూచిస్తుందేమోనన్న అనుమానం కూడా దీంతో పోతుంది.

మీకు ఏది కుదురుతుంది

ఒకటి రెండు పీరియడ్లే ఉంటే పట్టీలు, పేర్ల చీటీలు మాత్రం చేయండి. కాలమ్‌లు హడావిడిగా చేస్తే తప్పులు దొర్లుతాయి. నాలుగైదు వారాలు దొరికితే పట్టీలు మీరు ముందే అంటించి, కాలమ్‌లు పిల్లల బృందాలకు ఒక్కోటి అప్పగించండి. ఒక బృందానికి 'ఉన్నవాళ్లు', 'లేనివాళ్లు' అన్న రెండు జాబితాలు రాబట్టడమే పని, బొమ్మల వివరణ తర్వాత.

మూడున్నర మీటర్ల గోడ లేకపోతే స్కేలు తగ్గించొద్దు, కాలాన్ని తగ్గించండి. 1905 నుంచి 1914 దాకా మాత్రమే తీసుకుని ఏడాదికి 15 సెంటీమీటర్లు ఇస్తే మీటరున్నరలో సరిపోతుంది, నెలలు కూడా గుర్తించొచ్చు. ఆ గోడ మీద ఇంప్రెషనిజం లేత పట్టీ ఎడమ అంచు బయటి నుంచి వస్తున్నట్టు, కుడి అంచు బయటికి వెళ్తున్నట్టు అంటించండి, రెండు చివర్లూ గోడ మీద కనబడకుండా.